ముహూర్తానికి ఇల్లు అందకపోవచ్చని ఎలా చెప్పాలి?

సొంత ఇల్లు కట్టించుకున్నవాళ్లను ఎవరినైనా కదిపి చూడండి. పని మూడు నెలలు ఆలస్యమైందని చెప్పేటప్పుడు కన్నా, గృహప్రవేశం పది రోజులుందనగా కూడా కాంట్రాక్టరు "అయిపోతుంది సార్" అంటూనే ఉన్నాడని చెప్పేటప్పుడు వాళ్ల గొంతులో కోపం ఎక్కువ వినిపిస్తుంది. ఇంటి పనిలో ఆలస్యం కొత్తేమీ కాదు. ఇసుక దొరకదు, వాన పడుతుంది, కూలీలు ఊరెళ్తారు. ఇవన్నీ యజమానికీ తెలుసు. తనకు తెలియవలసిన సంగతి తెలియవలసిన రోజున ఎవరూ చెప్పలేదన్నదే ఆయన బాధ.

అటు కాంట్రాక్టరు బాధ ఇంకో రకం. తేదీ తప్పేలా ఉందని ముందే చెబితే చేతకానివాడనుకుంటారేమో, తర్వాతి బిల్లు ఆపేస్తారేమో, పనే ఇంకొకరికి ఇచ్చేస్తారేమో అని భయం. అందుకే మాట గొంతులోనే ఆగిపోతుంది. ఈ మాటను ఎప్పుడు, ఏ వివరాలతో, ఎలా చెబితే గౌరవం నిలుస్తుందో ఒక ఇంటిని తీసుకుని చూద్దాం. ఇది ఉదాహరణ కోసం అల్లుకున్న ఇల్లే. కానీ ఇందులోని పనులు, రోజుల లెక్కలు సైట్ల మీద రోజూ నడిచేవే.

యజమాని రిటైరైన ఉపాధ్యాయుడు. ఊరి శివార్లలో 200 గజాల స్థలంలో కింద ఒకటి, పైన ఒకటి రెండంతస్తుల ఇల్లు. అద్దె ఇంట్లో ఉంటూ కట్టించుకుంటున్నారు. శ్రావణంలో, ఆగస్టు 20న గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించారు. ఇప్పుడు జూన్ 12. కింది అంతస్తులో లోపలి ప్లాస్టరింగ్ అయిపోయింది. పై అంతస్తు, బయటి గోడలు మిగిలాయి. ఆరుగురు మేస్త్రీలు చేస్తే అది 14 రోజుల పని, అంటే జూన్ 26కి ముగియాలి. ప్లాస్టరింగ్ అయిన గోడను తడిపి, తర్వాత ఆరనివ్వాలి. పుట్టీ పెట్టే ముందు సుమారు 28 రోజులు ఆగమని పెయింటు పని తెలిసినవాళ్లు చెబుతారు. ఆ లెక్కన జూలై 24న పుట్టీ మొదలవుతుంది. పుట్టీ, ప్రైమరు, రంగులకు 15 రోజులు. ఆగస్టు 8 తర్వాత తలుపుల బిగింపు, స్విచ్చులు, కుళాయిలు, శుభ్రం చేయడం అన్నీ కలిపి 6 రోజులు. ఆగస్టు 14కి ఇల్లు సిద్ధం. ముహూర్తానికి 6 రోజులు చేతిలో మిగులుతాయి.

జూన్ 12 పొద్దున ఆరుగురు మేస్త్రీలలో నలుగురు రాలేదు. తొలకరి పడింది, వ్యవసాయ పనులకు సొంతూరు వెళ్లిపోయారు. ఇద్దరే మిగిలారు. వారంలోగా ఇంకో ఇద్దరిని తెచ్చుకోగలిగినా ప్లాస్టరింగ్ జూలై 8 దాకా సాగుతుంది. అక్కడి నుంచి 28 రోజులంటే ఆగస్టు 5న పుట్టీ మొదలు. రంగులు ఆగస్టు 20కి, బిగింపులు 26కి. పన్నెండు రోజులు పోయాయి. చేతిలో ఉన్న ఆరూ కరిగిపోగా ముహూర్తం దాటి ఇంకో ఆరు రోజులు కావాలి. నైరుతి వానలు గట్టిగా పడితే గోడలు ఇంకా ఆలస్యంగా ఆరతాయి. అప్పుడది సెప్టెంబరు మొదటి వారానికి వెళ్లవచ్చు.

కాంట్రాక్టరు మనసులో ఈ లెక్క జూన్ 12నే తిరుగుతుంది. కానీ దానికి ఆయన తనలో తాను చెప్పుకునే సమాధానం ఒకటుంది: "ఇంకా రెండు నెలల పైనే ఉంది. ఎక్కడో ఒకచోట సర్దేద్దాం." సర్దగలిగే చోటు ఏదని అడిగితే, గోడ ఆరే రోజులు తప్ప ఇంకేమీ కనిపించదు. మనుషులను పెంచితే రంగులు పదిహేను రోజులకు బదులు పది రోజుల్లో అవుతాయేమో గానీ, ఎంతమందిని పెట్టినా తడి గోడ తొందరగా ఆరదు. ఆరని గోడకు పుట్టీ పెడితే కొన్ని నెలల్లోనే పొక్కులు లేస్తాయి, ఉప్పు తేలి తెల్లని మరకలు పడతాయి, పెచ్చులు ఊడతాయి. గోడ ఆరిందో లేదో చూడడానికి పాత పద్ధతి ఒకటుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవరు ముక్కను గోడకు ఆనించి నాలుగు అంచులూ టేపుతో మూసి ఒక రోజు వదిలేస్తారు. మర్నాడు కవరు లోపలివైపు నీటి బొట్లు పడితే గోడలో ఇంకా తడి ఉన్నట్టే. ఈ పరీక్షను యజమాని ముందే చేసి చూపిస్తే "ఎందుకు ఆగాలి" అన్న ప్రశ్నకు వేరే జవాబు అక్కర్లేదు.

ప్రతి చిన్న ఆలస్యాన్నీ యజమానికి చేరవేయనక్కర్లేదు. ప్రహరీ గోడ వారం ఆగినా గృహప్రవేశం ఆగదు, ఎందుకంటే దాని మీద ఆధారపడిన పని లేదు. ప్లాస్టరింగ్ అలా కాదు. దాని వెనుక పుట్టీ, దాని వెనుక రంగు, దాని వెనుక స్విచ్చులు వరసగా నిలబడి ఉన్నాయి. వెనక వరస ఉన్న పనిలో జాప్యం జరిగినప్పుడే తేదీ కదులుతుంది. నా అభిప్రాయంలో గుర్తు ఇది: చేతిలో మిగులుగా పెట్టుకున్న రోజుల్లో సగం పోయాయంటే యజమానికి చెప్పవలసిన రోజు వచ్చినట్టే. ఈ ఇంట్లో ఆ మిగులు ఆరు రోజులు, అది ఒక్క పొద్దునలో పూర్తిగా పోయింది. కాబట్టి ఆ సాయంత్రమే చెప్పాలి.

ఆ రోజే ఎందుకో తెలియాలంటే మాస్టారి వైపు నుంచి చూడాలి. చాలామంది కాంట్రాక్టర్లు ఇక్కడే పొరపడతారు. తమకు కావలసింది ఆరు రోజులే కదా అనుకుంటారు. కానీ మాస్టారి కాలెండరు రోజుల లెక్కన జరగదు. ఆ ఏడు శ్రావణం ఆగస్టు ఆఖరుతో ముగుస్తుందనుకుందాం. భాద్రపదంలో గృహప్రవేశం చాలామంది పెట్టుకోరు. ఆశ్వయుజం కూడా కొందరికి నచ్చదు. వాళ్ల పురోహితుడు కార్తికం దాకా ఆగమనవచ్చు. మధ్యలో మౌఢ్యమి వస్తే ఇంకా ముందుకు పోతుంది. కాంట్రాక్టరుకు ఆరు రోజుల ఆలస్యం, మాస్టారికి రెండు నెలలు. ఆ రెండు నెలలూ అద్దె కట్టాలి, ఇంటి రుణం మీద వడ్డీ కట్టాలి. ఎవరినైనా వెసులుబాటు అడిగే ముందు, మన ఒక రోజు ఆయన దగ్గర ఎన్ని రోజులవుతుందో ఆయన్నే అడిగి తెలుసుకోవాలి. అది తెలియకుండా "ఒక వారం అటూ ఇటూ" అన్నామంటే, ఆయన కష్టం మనకు పట్టలేదనిపిస్తుంది.

ఇంకొకటి, జూన్ 12న మాస్టారి చేతిలో ఇంకా చాలా ఉంది. శుభలేఖలు అచ్చు వేయించలేదు. వంటవాళ్లకు అడ్వాన్సు ఇవ్వలేదు. అద్దె ఇంటి యజమానికి ఖాళీ చేస్తున్నట్టు చెప్పలేదు. పుణేలో ఉన్న కొడుకు, కోడలు రైలు టికెట్లు తీసుకోలేదు. రైల్వే రిజర్వేషన్లు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటాయి, అంటే ఆగస్టు 20 ప్రయాణానికి జూన్ 21న. ఆ లోపు చెబితే మాస్టారికి ఒక ఇబ్బంది, అంతే. ఆగస్టు 10న చెబితే శుభలేఖలు పంచిన ఇళ్లన్నిటికీ ఆయన ఫోను చేసుకోవాలి. ఆలస్యం అదే ఆరు రోజులు, నష్టం మాత్రం ఎన్నో రెట్లు.

ఇక ఎలా చెప్పాలన్నది. మొదట మనిషిగా, ఎదురుగా చెప్పాలి. వీలైతే సైటు మీదే, లేకపోతే ఫోనులో. తర్వాత అదే రోజు రాతలో పెట్టాలి. రాత ముందు, మాట తర్వాత అయితే తప్పించుకుంటున్నట్టు ఉంటుంది. మాట ఉండి రాత లేకపోతే నెల తర్వాత ఎవరికి గుర్తున్నది వాళ్లు చెబుతారు. వాయిస్ మెసేజ్ ఇక్కడ పనికిరాదు. అందులో ఏ తేదీ చెప్పారో వెతకడానికి మాస్టారు మళ్లీ మళ్లీ వినాలి, దాన్ని కొడుక్కి చూపించడమూ కష్టమే.

మాట ఇలా మొదలవ్వవచ్చు:

"మాస్టారూ, ఒక పది నిమిషాలు కూర్చోండి. ముహూర్తం తేదీ గురించి మాట్లాడాలి."

"ఏమయ్యా, ఏమైంది?"

"ఇప్పుడున్న పరిస్థితిలో ఇల్లు మొత్తం 20వ తేదీకి అందకపోవచ్చండీ. ఆరు రోజులు తేడా వస్తోంది. వానలు పడితే ఇంకో వారం పది రోజులు. ఎందుకో చెబుతాను, ఏం చేయవచ్చో కూడా ఆలోచించుకునే వచ్చాను."

"ముహూర్తం పెట్టించక ముందు చెప్పాలి కదయ్యా ఈ మాట!"

ఇక్కడ చాలామంది వాదనకు దిగుతారు. మేస్త్రీలు వెళ్లిపోతే నేనేం చేయను, వాన నా చేతిలో ఉందా అంటారు. అవన్నీ నిజమే కావచ్చు, కానీ ఆ క్షణంలో అవి మాస్టారికి అక్కర్లేదు. "నిజమేనండీ, మీకు ఇబ్బందే. పొద్దునే తెలిసింది, సాయంత్రానికి మీ దగ్గరికి వచ్చాను" అని ఊరుకుంటే చాలు. క్షమాపణ ఒక్కసారే చెప్పాలి. పదే పదే బతిమాలితే పని తన చేతిలో లేదని చెప్పుకున్నట్టు అవుతుంది. ఇంట్లో ఒంట్లో బాగాలేదని, అప్పులున్నాయని కారణాలు పోగు చేయడం కూడా అంతే. తేదీని కదిపిన కారణం ఒక్కటి చెబితే నమ్మకం కుదురుతుంది. ఆరు కారణాలు చెబితే ఏదీ నిలవదు.

అసలు మెలకువ వెసులుబాటు అడగడంలో ఉంది. "కొంచెం టైమివ్వండి సార్" అనే అడగడానికి ఎవరూ సరే అనలేరు, కాదనలేరు. ఎంత సమయం, దేనికి, ఇస్తే ఏం వస్తుంది, ఇవ్వకపోతే ఏమవుతుంది అన్నది అందులో లేదు. పైగా వెసులుబాటు అంటే తేదీ ఒక్కటే కాదు. గృహప్రవేశం రోజున మాస్టారికి నిజంగా కావలసింది ఏమిటి? సింహద్వారం, పూజ గది, పాలు పొంగించడానికి వంటగది, వచ్చినవాళ్లు కూర్చోవడానికి హాలు, వాడుకోవడానికి ఒక స్నానాల గది. అవన్నీ కింది అంతస్తులో ఉన్నాయి. కింద లోపలి ప్లాస్టరింగ్ ముందే అయిపోయింది కాబట్టి జూలై రెండో వారానికి ఆ గోడలు పుట్టీకి సిద్ధమవుతాయి. ఆగస్టు 20 నాటికి కింది అంతస్తు పూర్తిగా ఇచ్చేయవచ్చు. మిగిలేవి పై గదులు, బయటి రంగు. అంటే కాంట్రాక్టరు అడగవలసింది ముహూర్తం మార్చమని కాదు, పై అంతస్తుకు ఇంకో మూడు వారాలు ఇవ్వమని. ఇది మాస్టారు ఇవ్వగలిగిన వెసులుబాటు.

ఆ సాయంత్రం వెళ్లే సందేశం ఇలా ఉండవచ్చు:

"నమస్కారం మాస్టారూ. సాయంత్రం మాట్లాడుకున్నది రాసి పెడుతున్నాను. ప్లాస్టరింగ్ మేస్త్రీలు నలుగురు ఊరెళ్లినందున పై అంతస్తు, బయటి ప్లాస్టరింగ్ జూన్ 26కి బదులు జూలై 8కి ముగుస్తుంది. గోడలు ఆరడానికి 28 రోజులు వదలాలి, అది తగ్గించలేను. అందువల్ల ఇల్లు మొత్తం ఆగస్టు 26కి, వానలు ఎక్కువైతే సెప్టెంబరు 5కి సిద్ధమవుతుంది. మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ముహూర్తం 20నే ఉంచి కింది అంతస్తు 16వ తేదీకి పూర్తిగా అప్పగిస్తాను, పై అంతస్తు, బయటి రంగు సెప్టెంబరు 10కి ఇస్తాను. రెండు, మీరు వేరే ముహూర్తం చూసుకుంటే ఇల్లు మొత్తం ఒకేసారి ఇస్తాను. కొత్త మేస్త్రీలకయ్యే అదనపు ఖర్చు నాదే. టికెట్లు 21న తెరుస్తారు కాబట్టి 18వ తేదీలోపు ఏదో ఒకటి చెప్పగలరా? ప్రతి శనివారం సాయంత్రం పని ఫొటోలు పంపుతాను."

ఇందులో ముఖ్యమైన మాట అదనపు ఖర్చు గురించినది. కూలీలను నిలుపుకోవడం కాంట్రాక్టరు బాధ్యత, కాబట్టి దాని భారం ఆయనే మోయాలి. గడువు అడుగుతూ డబ్బు కూడా అడిగితే ఆ సంబంధం అక్కడే చెడుతుంది. ఇంకో సంగతి గమనించండి. మాస్టారికి చెప్పిన సెప్టెంబరు 10లో వానల లెక్క కూడా కలిపి అయిదు రోజులు మిగులు పెట్టుకున్నారు. మొదటిసారి తేదీ జరిగితే యజమానులు సర్దుకుంటారు. రెండోసారి జరిగితే ఆ తర్వాత ఏం చెప్పినా వినరు. అందుకే కొత్త తేదీని ఆశతో కాదు, వాన పడినా నిలిచేలా ఇవ్వాలి. వారానికి రెండు రోజుల చొప్పున నాలుగుసార్లు జరిపే బదులు ఒకేసారి పూర్తి తేడా చెప్పడం ఎంతో నయం.

ఆలస్యానికి కారణం యజమానే అయితే? ఇదీ తరచూ జరిగేదే. టైల్స్ ఎంపిక తేలదు. వంటగది గట్టు ఒకసారి ఇటు, ఒకసారి అటు మారుతుంది. బ్యాంకు విడత రాక బిల్లు ఆగుతుంది. ఇలాంటప్పుడు "మీ వల్లే" అనాల్సిన పని లేదు. "టైల్స్ ఏవో జూన్ 20లోపు చెబితే 16వ తేదీ మాట నిలుస్తుంది. ఆ తర్వాత ఎన్ని రోజులైతే అన్ని రోజులు తేదీ జరుగుతుంది" అని ముందే రాసి పెడితే చాలు. గడువు దాటిన రోజున గొడవ ఉండదు, లెక్క ఉంటుంది.

అడగకూడని వెసులుబాటు కూడా ఉంది, అటు యజమానీ అడగకూడదు, ఇటు కాంట్రాక్టరూ ఇవ్వకూడదు. పని స్లాబు దశలో ఉండి తేదీ ముంచుకొస్తుంటే సెంటరింగ్ ముందే విప్పేద్దామన్న ఆలోచన వస్తుంది. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం ఐఎస్ 456. దాని ప్రకారం మామూలు సిమెంటుతో వేసిన స్లాబు కింద పోట్లను, పొడవు నాలుగున్నర మీటర్ల లోపు ఉంటే 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. బీముల కింద ఆరు మీటర్ల దాకా 14, ఆపైన 21 రోజులు. యజమాని ఎంత తొందరపెట్టినా ఇక్కడ "కుదరదండీ" అని చెప్పగలిగినవాడే పని తెలిసినవాడు.

ప్రభుత్వ పనుల్లో ఈ ముందస్తు హెచ్చరికను మనిషి మంచితనానికి వదిలేయలేదు. కేంద్ర ప్రజా పనుల విభాగం, అంటే సీపీడబ్ల్యూడీ కాంట్రాక్టు షరతుల్లో, పనికి అడ్డంకి వచ్చిన 14 రోజుల్లోగా కాంట్రాక్టరు గడువు పొడిగింపును రాతపూర్వకంగా కోరాలని ఉంది. సైటులో అడ్డంకుల రిజిస్టరు ఉంటుంది. ఏ రోజు ఏ కారణంతో పని ఆగింది, ఎప్పుడు మళ్లీ మొదలైంది అందులో రాస్తారు. మన మేస్త్రీ ఒక పాత నోటుపుస్తకంలో ఇదే రాసుకుంటే, పొడిగింపు అడిగే రోజున జ్ఞాపకం మీద ఆధారపడనక్కర్లేదు.

చట్టమూ దీని గురించి మాట్లాడింది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 55వ సెక్షను ప్రకారం, గడువే ప్రధానమని ఇరుపక్షాలూ అనుకున్న ఒప్పందంలో గడువు తప్పితే అవతలివారు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. రద్దు చేసుకోకుండా ఆలస్యంగా జరిగిన పనిని స్వీకరిస్తే, ఆలస్యానికి నష్టపరిహారం అడుగుతానని ఆ స్వీకరించేటప్పుడే తెలియజేయాలి. లేకపోతే తర్వాత అడిగే వీలుండదు. 63వ సెక్షను ప్రకారం యజమాని తన ఇష్టంతో గడువు పొడిగించవచ్చు. ఫోనులో "సరేలేవయ్యా" అన్న మాటను "18న మీరు ఒప్పుకున్నట్టు మొదటి దారిలో వెళ్తున్నాం" అని ఒక్క వాక్యంలో తిరిగి రాసి పంపడం అందుకే అవసరం. అది ఇద్దరికీ రక్షణే.

ఈ వ్యాసం చదివేవాళ్లలో ఇళ్లు కట్టేవాళ్ల కన్నా కట్టించుకునేవాళ్లే ఎక్కువ ఉంటారు. మీకొక విన్నపం. కాంట్రాక్టరు రెండు నెలల ముందే వచ్చి తేదీ తప్పవచ్చని చెబితే కోపం రావడం సహజం. కానీ ఆ రోజు నలుగురి ముందు కేకలేసి, చేసిన పనికి రావలసిన బిల్లు ఆపితే, ఇకపై ఆయన మీకు ఏదీ ముందు చెప్పడు. ప్రశ్నలు అడగండి, కొత్త తేదీకి ఆధారం చూపించమనండి, దారులు రెండూ తూచి చూసి ఒకటి ఎంచుకోండి. అసలు అడ్వాన్సు ఇచ్చే రోజునే ఒప్పందంలో రెండు వాక్యాలు రాయించండి. పనికి అడ్డంకి వస్తే వారంలోగా రాతలో తెలియజేయాలని ఒకటి, అలా తెలియజేసినందుకు చేసిన పని బిల్లు ఆపబోమని ఇంకొకటి.